కీలుకు వేలాడే కడ్డీ లెక్క: టార్క్, శక్తి, కోణీయ ద్రవ్యవేగాలలో ఎక్కడ ఏది వాడాలి

ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరంలో భ్రమణ గమనం అధ్యాయం చదివే విద్యార్థులు పదేపదే అడిగే ప్రశ్న ఒకటుంది. సూత్రాలన్నీ వచ్చు, కానీ లెక్క చూడగానే τ = Iα తో మొదలుపెట్టాలో, శక్తి నిత్యత్వం రాయాలో, కోణీయ ద్రవ్యవేగ నిత్యత్వం రాయాలో తేలడం లేదు, ఎలా నిర్ణయించుకోవాలి అని. ఈ మూడూ ఒకే లెక్కలో, ఒకదాని తరువాత ఒకటి అవసరమయ్యే ఉదాహరణను తీసుకుని చివరిదాకా చేస్తే ఈ సందేహం చాలావరకు తీరుతుంది. అందుకు కీలుకు వేలాడుతున్న కడ్డీకి బంకమట్టి ముద్ద వచ్చి అతుక్కునే లెక్కను మించినది నాకు కనిపించలేదు. బోర్డు పరీక్షలకూ, ప్రవేశ పరీక్షలకూ ఇది రకరకాల వేషాల్లో వస్తూనే ఉంటుంది: ఒకచోట తలుపుకు తగిలే తూటాగా, ఇంకొకచోట తిరిగే బల్లపైకి దూకే మనిషిగా.

లెక్క

పొడవు 1 మీటరు, ద్రవ్యరాశి 3 కిలోగ్రాములు ఉన్న ఏకరీతి కడ్డీ పై కొన దగ్గర ఘర్షణ లేని కీలుకు బిగించి ఉంది. అది నిలువుగా, నిశ్చలంగా వేలాడుతోంది. 0.2 కిలోగ్రాముల బంకమట్టి ముద్ద 12 మీ./సె. వడితో క్షితిజ సమాంతరంగా వచ్చి కింది కొనకు తగిలి అక్కడే అతుక్కుపోయింది. (అ) తగిలిన వెంటనే కడ్డీ కోణీయ వేగం ఎంత? (ఆ) కడ్డీ గరిష్ఠంగా ఎంత కోణం వరకు ఊగుతుంది? (ఇ) ఆ గరిష్ఠ స్థానంలో దాని కోణీయ త్వరణం ఎంత? g = 10 మీ./సె.² అనుకుందాం.

కావలసినవి

ఒక కాగితం, పెన్సిల్, కొసైన్ విలువలు ఇచ్చే కాలిక్యులేటరు లేదా పట్టిక ఉంటే చాలు. గుర్తుండవలసినవి మూడు: ఏకరీతి కడ్డీ జడత్వ భ్రామకం దాని ద్రవ్యరాశి కేంద్రం గుండా పోయే లంబ అక్షం పరంగా ML²/12, సమాంతరాక్ష సిద్ధాంతం I = I₀ + Md², అక్షం నుంచి r దూరంలో అక్షానికి లంబమైన తలంలో కదిలే కణం కోణీయ ద్రవ్యవేగం mvr⊥. ఇక్కడ r⊥ అంటే కణం ప్రయాణించే రేఖకు అక్షం నుంచి గీసిన లంబదూరం. దానిని కణం ఉన్న చోటికి ఉన్న దూరంగా పొరబడటం మొదటి వరసలో ఉండే తప్పు.

1. ముందు కాలాన్ని విడగొట్టండి

సూత్రం జోలికి పోకముందే లెక్కలోని సంఘటనలను కాలక్రమంలో రాసుకోండి. మన లెక్కలో రెండు దశలున్నాయి. ముద్ద తగిలి అతుక్కునే అతి స్వల్ప వ్యవధి మొదటి దశ. ఈ వ్యవధిలో కడ్డీ దాదాపు కదలదు, దాని వేగం మాత్రం మారిపోతుంది. ముద్దతో సహా కడ్డీ నెమ్మదిస్తూ పైకి ఊగి క్షణకాలం ఆగేవరకు రెండవ దశ. ఒక్కొక్క దశకు వేరే నియమం వర్తిస్తుంది. రెండు దశలనూ ఒకే సమీకరణంలో కుదించబోయినవారు దాదాపు ఎప్పుడూ తప్పు జవాబుకే చేరతారు.

కాగితంపై మూడు చిన్న పటాలు గీయండి: తగలడానికి ముందు, తగిలిన మరుక్షణం, గరిష్ఠ కోణం వద్ద. రెండవ పటంలో కడ్డీని ఇంకా నిలువుగానే గీయాలని మరవకండి.

2. అక్షాన్ని ఎంచుకుని, దాని పరంగా బాహ్య టార్క్‌లను చూడండి

మొదటి దశలో కడ్డీ, ముద్ద కలిసిన వ్యవస్థపై పనిచేసే బాహ్య బలాలు రెండే: గురుత్వ బలం, కీలు ప్రయోగించే బలం. కీలు బలం ఎంతో, ఏ దిశలో ఉందో మనకు తెలియదు. కానీ అది కీలు వద్దే పనిచేస్తుంది కాబట్టి కీలు గుండా పోయే అక్షం పరంగా దాని టార్క్ సున్నా. కడ్డీ నిలువుగా ఉన్నందువల్ల దాని బరువు పనిచేసే రేఖ కూడా కీలు గుండానే పోతుంది. ఆ టార్క్ కూడా సున్నా. అందువల్ల కీలు పరంగా కోణీయ ద్రవ్యవేగం నిత్యంగా ఉంటుంది. తెలియని బలం ఎక్కడ పనిచేస్తోందో అక్కడికే అక్షాన్ని తీసుకుపోవడం ఈ అధ్యాయం మొత్తంలో నేను అన్నిటికంటే ఎక్కువగా నమ్మే ఉపాయం.

కడ్డీ అడ్డంగా ఉండగా ముద్ద తగిలితే గురుత్వ టార్క్ సున్నా కాదు కదా అని అడగవచ్చు. నిజమే, అప్పుడది 3 × 10 × 0.5 = 15 న్యూటన్ మీటర్లు. అయితే అభిఘాతం 2 మిల్లీసెకన్లలో ముగుస్తుందనుకుంటే, ఆ టార్క్ కలిగించే మార్పు 15 × 0.002 = 0.03 కి.గ్రా. మీ.²/సె. మాత్రమే. ముద్ద తెచ్చే కోణీయ ద్రవ్యవేగం 0.2 × 12 × 1 = 2.4 తో పోలిస్తే ఇది ఒక శాతానికి కాస్త ఎక్కువ, కాబట్టి వదిలేయవచ్చు. అభిఘాతం నెమ్మదిగా జరిగితే, ఉదాహరణకు అర సెకనుపాటు ఇసుక కురిసినట్లు పడితే, ఇలా వదిలేయడానికి వీలుండదు.

రేఖీయ ద్రవ్యవేగం ఎందుకు నిత్యం కాదు? ఈ ప్రశ్న ఎంత తరచుగా వస్తుందంటే, ఇక్కడ ఆగి అంకెలతో చూడటమే మేలు. తగలడానికి ముందు వ్యవస్థ రేఖీయ ద్రవ్యవేగం 0.2 × 12 = 2.4 కి.గ్రా. మీ./సె. కొద్దిసేపట్లో మనం సాధించబోయే కోణీయ వేగం 2 రేడియన్/సె. దాని ప్రకారం తగిలాక కడ్డీ మధ్యబిందువు వడి 1 మీ./సె., కొన వడి 2 మీ./సె. కాబట్టి మొత్తం రేఖీయ ద్రవ్యవేగం 3 × 1 + 0.2 × 2 = 3.4 అవుతుంది. అంటే అది పెరిగింది! ఆ అదనపు 1.0 న్యూటన్ సెకను ప్రచోదనాన్ని ఇచ్చింది కీలు. కడ్డీ కింది కొనను ముందుకు నెట్టినప్పుడు పై కొన వెనక్కు పోవాలని చూస్తుంది. కీలు దానిని పోనివ్వకుండా ముందుకు తోస్తుంది. అభిఘాత కాలం 2 మిల్లీసెకన్లు అయితే ఆ తోపు సగటున 500 న్యూటన్లు, కడ్డీ బరువైన 30 న్యూటన్లకు పదహారు రెట్ల పైమాటే. ఇంత బలాన్ని విస్మరించలేము. విస్మరించి 2.4 = (3 × 0.5 + 0.2 × 1)ω అని రాస్తే ω = 1.41 వస్తుంది, చూడటానికి సరైన జవాబులాగే ఉంటుంది, కానీ తప్పు.

3. అదే అక్షం పరంగా జడత్వ భ్రామకాన్ని లెక్కించండి

కడ్డీకి కీలు పరంగా: ML²/12 + M(L/2)² = 0.25 + 0.75 = 1 కి.గ్రా. మీ.². ముద్ద కొన వద్ద ఉంది కాబట్టి దాని వాటా mL² = 0.2. మొత్తం I = 1.2 కి.గ్రా. మీ.².

ఇక్కడ రెండు పొరపాట్లు సర్వసాధారణం. మొదటిది, ముద్ద అతుక్కుందని తెలిసీ దాని 0.2 ను కలపకపోవడం. రెండవది మరింత ప్రమాదకరమైనది: కీలు కొన వద్ద ఉందని గమనించకుండా కడ్డీకి ML²/12 నే రాసేయడం. అప్పుడు I = 0.45, ω = 5.33 వస్తాయి. గతిజ శక్తి 6.4 జౌల్‌లు అవుతుంది. తొలి శక్తి కంటే అది తక్కువే కాబట్టి తరువాత మనం చేసే శక్తి పరీక్ష ఈ తప్పును పట్టుకోలేదు. అందుకే జడత్వ భ్రామకానికి విడిగా ఒక పరీక్ష పెట్టుకోండి. ద్రవ్యరాశి కేంద్రం నుంచి d దూరంలోని అక్షం పరంగా ఏ వస్తువుకైనా I విలువ Md² కంటే తక్కువ ఉండడానికి వీల్లేదు; అక్షం నుంచి అతి దూరపు బిందువు R దూరంలో ఉంటే MR² కంటే ఎక్కువ ఉండడానికీ వీల్లేదు. మన కడ్డీకి ఈ హద్దులు 0.75, 3. మనకు వచ్చిన 1 వాటి మధ్యనే ఉంది, 0.25 మాత్రం హద్దు దాటి కిందికి పోయింది.

4. మొదటి దశ సమీకరణం రాయండి

ముందు: కడ్డీ నిశ్చలం, ముద్ద కోణీయ ద్రవ్యవేగం muL = 0.2 × 12 × 1 = 2.4 కి.గ్రా. మీ.²/సె.

తరువాత: Iω = 1.2 ω.

కాబట్టి ω = 2 రేడియన్/సె. ఇది (అ) కి జవాబు. ముద్ద భ్రమణం చేయడం లేదు కదా, దానికి కోణీయ ద్రవ్యవేగం ఎక్కడిదని కొందరు తటపటాయిస్తారు. సరళరేఖలో పోయే కణానికి కూడా, ఆ రేఖపై లేని ఏ బిందువు పరంగానైనా కోణీయ ద్రవ్యవేగం ఉంటుంది.

ముద్ద క్షితిజ సమాంతరానికి 30° కిందికి వాలి వస్తే కడ్డీకి లంబంగా ఉండే అంశం u cos30° మాత్రమే లెక్కకు వస్తుంది. ω అప్పుడు 1.73 అవుతుంది. కడ్డీ వెంబడి ఉండే అంశం కీలు గుండా పోతుంది కాబట్టి దానికి టార్క్ లేదు, కీలే దానిని భరిస్తుంది.

హెచ్చరిక. ఈ దశలో శక్తి నిత్యత్వం రాయకండి. ముద్ద అతుక్కునేది అస్థితిస్థాపక అభిఘాతం. తొలి గతిజ శక్తి ½ × 0.2 × 144 = 14.4 జౌల్‌లు, తరువాతిది ½ × 1.2 × 4 = 2.4 జౌల్‌లు. మిగిలిన 12 జౌల్‌లు మట్టి నలగడంలో, వేడిలో, శబ్దంలో పోయాయి. ఆ సంగతి మరచి 14.4 జౌల్‌లనూ ఊగే దశకు అప్పజెప్పితే గరిష్ఠ కోణం 81° వస్తుంది. అసలు జవాబు దానిలో సగానికంటే తక్కువ.

5. రెండవ దశలో శక్తి నిత్యత్వం వాడండి

ఇప్పుడు పరిస్థితి తారుమారైంది. కడ్డీ వాలగానే గురుత్వ టార్క్ సున్నా కాకుండా పోతుంది. ఊగడానికి పట్టే కాలం కూడా స్వల్పం కాదు. కాబట్టి కోణీయ ద్రవ్యవేగం నిత్యం కాదు. కానీ కీలుకు ఘర్షణ లేదు, కీలు బలం పనిచేసే బిందువు కదలదు, అందువల్ల అది పని చేయదు. యాంత్రిక శక్తి నిత్యంగా ఉంటుంది.

కోణం θ వరకు ఊగినప్పుడు కడ్డీ ద్రవ్యరాశి కేంద్రం (L/2)(1 − cosθ) ఎత్తుకు, ముద్ద L(1 − cosθ) ఎత్తుకు లేస్తాయి. రెండింటికీ ఒకే ఎత్తు రాయడం ఇక్కడ ఎక్కువగా కనిపించే తప్పు.

½Iω² = (MgL/2 + mgL)(1 − cosθ)

2.4 = (15 + 2)(1 − cosθ)

1 − cosθ = 0.141, cosθ = 0.859, θ ≈ 31°. ఇది (ఆ) కి జవాబు. ఒక దశాంశ స్థానం వరకు కావాలంటే 30.8°.

ఒక్కోసారి cosθ విలువ −1 కంటే తక్కువ వస్తుంది. కంగారుపడి వెనక్కు వెళ్లి లెక్క చెరపకండి. కడ్డీ ఎక్కడా ఆగకుండా పూర్తి వృత్తం తిరిగిందని దాని అర్థం. మన అంకెలతో అలా జరగాలంటే ½Iω² కనీసం 34 జౌల్‌లు ఉండాలి, అంటే ముద్ద వడి 45 మీ./సె. దాటాలి. ఇది దారం కాదు, దృఢమైన కడ్డీ. కాబట్టి శిఖరం వద్ద వేగం సున్నా అయినా ఫరవాలేదు, దారానికి రాసే తన్యత షరతును ఇక్కడికి తీసుకురాకూడదు.

6. ఒక క్షణంలోని త్వరణం అడిగితేనే τ = Iα వాడండి

గరిష్ఠ స్థానంలో కీలు పరంగా గురుత్వ టార్క్ (MgL/2 + mgL) sinθ = 17 × 0.512 = 8.7 న్యూటన్ మీటర్లు. I = 1.2 కాబట్టి α = 7.3 రేడియన్/సె.², దిశ కడ్డీని కిందికి తిప్పేవైపు. ఇది (ఇ) కి జవాబు. అక్కడ కోణీయ వేగం సున్నా అయింది కాబట్టి త్వరణం కూడా సున్నా అని రాసేవారు ప్రతి తరగతిలోనూ ఉంటారు. పైకి విసిరిన రాయికి శిఖరం వద్ద కూడా g త్వరణం ఉంటుందని వారికి గుర్తుచేస్తే సరిపోతుంది.

ఈ α ను ω² = 2αθ లో ప్రతిక్షేపించి కోణం రాబట్టే ప్రయత్నం చేయవద్దు. ఆ సమీకరణం త్వరణం స్థిరంగా ఉన్నప్పుడే చెల్లుతుంది. ఇక్కడ టార్క్ నిలువు స్థానంలో సున్నాతో మొదలై sinθ ప్రకారం పెరుగుతూ పోతుంది. ప్రయత్నించి చూస్తే కోణం దాదాపు 16° వస్తుంది, సరైన విలువలో సుమారు సగం. కప్పీకి చుట్టిన దారంతో బరువు దిగే లెక్కల్లో టార్క్ స్థిరంగా ఉంటుంది. ఆ సమీకరణాలు అక్కడ వాడుకోండి.

7. జవాబు సరిచూడండి

అంకెలు వేయడానికి ముందే అక్షరాలతో జవాబు సాధించి ఉంచుకుంటే సరిచూడటం తేలిక. మన లెక్కలో

ω = 3mu / [(M + 3m)L]

ఇందులో m ను సున్నాకు చేర్చండి: ω సున్నా అవుతుంది, దోమ తగిలితే కడ్డీ కదలదు. m ను M కంటే ఎంతో పెద్దది చేయండి: ω = u/L అవుతుంది, అంటే ముద్ద తన వడిని కోల్పోకుండా కొనను తనతో తీసుకుపోతుంది. రెండూ సబబుగానే ఉన్నాయి. ప్రమాణాలు కూడా చూడండి, (మీ./సె.) ను మీటరుతో భాగిస్తే 1/సె. వస్తుంది.

రెండవ పరీక్ష శక్తి. అభిఘాతం తరువాత గతిజ శక్తి ముందుకంటే పెరిగితే, వ్యవస్థ లోపల స్ప్రింగో, పేలుడో, కండరాల బలమో లేనప్పుడు, ఎక్కడో తప్పు జరిగినట్లే. తిరిగే బల్లపై నిలబడినవారు చాచిన చేతులు ముడుచుకునే లెక్కలో మాత్రం శక్తి పెరగడం న్యాయమే: కోణీయ ద్రవ్యవేగం J మారదు, I తగ్గుతుంది, గతిజ శక్తి J²/2I పెరుగుతుంది, ఆ పెరుగుదల చేతులు లోపలికి లాగడానికి చేసిన పని నుంచి వస్తుంది. ఆ లెక్కలో గతిజ శక్తులను సమానం చేసేవారు కనిపిస్తూనే ఉంటారు.

మూడవ పరీక్ష కాస్త ముచ్చటైనది, ఓపిక ఉంటే చేయండి. ముద్ద కొనకు కాకుండా కీలు నుంచి 2L/3 దూరంలో తగిలిందనుకోండి. కోణీయ ద్రవ్యవేగం 1.6, I = 1 + 0.2 × 4/9 = 1.089, ω = 1.469. ఇప్పుడు రేఖీయ ద్రవ్యవేగం లెక్కిస్తే (1.5 + 0.133) × 1.469 = 2.4, ముందున్నంతే! ఆ బిందువు వద్ద తగిలినప్పుడు కీలు ఏ ప్రచోదనమూ ఇవ్వనవసరం లేదు. అంతకంటే కింద తగిలితే కీలు ముందుకు తోస్తుంది, పైన తగిలితే వెనక్కు తోస్తుంది. మీరు రాసిన సమీకరణాలు ఈ ఫలితాన్ని ఇస్తే మీ జడత్వ భ్రామకం, లంబదూరం రెండూ సరిగ్గా ఉన్నాయని నిశ్చింతగా ఉండవచ్చు.

ప్రశ్న మారితే

అతుక్కునే ముద్ద బదులు కడ్డీ చివరను చీల్చుకుని 4 మీ./సె. వడితో బయటికి పోయే వస్తువైతే, తరువాతి కోణీయ ద్రవ్యవేగంలో దాని వాటాను విడిగా రాయాలి: 2.4 = 0.2 × 4 × 1 + 1 × ω, కాబట్టి ω = 1.6. ఈసారి I లో ముద్దను కలపకూడదు. కొన వడి 1.6, బయటికి పోయే వస్తువు వడి 4. అది కొనను దాటి ముందుకు పోయింది కాబట్టి దాని వడే ఎక్కువ ఉండాలి, ఉంది.

కీలు తీసేసి, అదే కడ్డీని నున్నని క్షితిజ సమాంతర బల్లపై స్వేచ్ఛగా ఉంచి, కొన వద్ద అదే ముద్దను లంబంగా తగిలిస్తే 2వ మెట్టుకు తిరిగి రావాలి. ఇప్పుడు బాహ్య బలమే లేదు కాబట్టి రేఖీయ ద్రవ్యవేగం కూడా నిత్యం. వ్యవస్థ ద్రవ్యరాశి కేంద్రం 2.4/3.2 = 0.75 మీ./సె. వడితో సాగిపోతుంది. కోణీయ ద్రవ్యవేగాన్ని ముద్దతో కలిసిన వ్యవస్థ ద్రవ్యరాశి కేంద్రం పరంగా రాయాలి. అది కడ్డీ మధ్యబిందువు నుంచి ముద్ద వైపు 0.2 × 0.5/3.2 = 0.031 మీటరు జరిగి ఉంటుంది. ఆ బిందువు నుంచి ముద్దకు దూరం 0.469, దాని పరంగా మొత్తం I = 0.297. కాబట్టి ω = 2.4 × 0.469/0.297 = 3.8 రేడియన్/సె. మిగిలిన గతిజ శక్తి దాదాపు 3.0 జౌల్‌లు, కీలు ఉన్నప్పటి 2.4 కంటే ఎక్కువ. కొన కదలిక వడి కూడా 2 నుంచి 2.5 మీ./సె.కు పెరిగింది. పట్టి ఉంచే కీలు లేనప్పుడు తగిలిన కొన సులువుగా తప్పుకుంటుంది, మట్టి నలగడం తగ్గుతుంది కాబట్టి అలాగే రావాలి. ఈ లెక్కలో కడ్డీ కొన పరంగా ML²/3 రాస్తే మాత్రం జవాబు పోయినట్లే, ఎందుకంటే ఆ కొనను పట్టి ఉంచేది ఇక్కడ ఏదీ లేదు.